రెండు రూపాయల వడ్డీ అప్పు ముందే తీర్చాలా, నెలనెలా పొదుపు చేయాలా: లెక్క వేసి తేల్చుకునే విధానం

గోదావరి డెల్టా పల్లెల్లో ప్రోనోటు మీద తీసుకున్న చేబదులు అప్పుకూ బ్యాంకు అప్పుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బ్యాంకు వాయిదాలో అసలు కొంచెం కొంచెంగా దానంతట అదే తరుగుతుంది. ప్రోనోటు మీద నెలనెలా వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోతే ఎన్నేళ్లయినా అసలు అంతే ఉంటుంది. అందువల్ల నెలకు కొంత మిగులు ఉన్న కుటుంబం ఆ మిగులును ఎటు పంపాలో తానే నిర్ణయించుకోవలసి వస్తుంది. ఈ మార్గదర్శి ఆ ఒక్క నిర్ణయం గురించే. దీనికి ఒక ఉదాహరణ కుటుంబాన్ని తీసుకుని చివరి వరకూ దాని లెక్కతోనే నడుద్దాం.

పాలకొల్లు దగ్గరి ఒక ఊళ్లో ఉన్న కుటుంబం అనుకుందాం. భర్త రొయ్యల ప్లాంటులో ఎలక్ట్రీషియన్, భార్య ఇంటి దగ్గర కుట్టుపని చేస్తుంది. ఇంటి శ్లాబు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి 2,00,000 రూపాయలు ప్రోనోటు మీద తెచ్చారు. ఇంటి ఖర్చు నెలకు 18,000. అది పోగా అప్పుకూ పొదుపుకూ కలిపి నెలకు 12,000 పక్కన పెట్టగలరు. అందులో 4,000 వడ్డీకి పోతుంది కనుక నిజంగా ఎటు పంపాలో తేల్చవలసిన మిగులు 8,000.

మొదటి పని: అన్ని రేట్లనూ ఒకే కొలతలోకి తేవడం

అప్పు రేటు నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు, పొదుపు రేటు ఏడాదికి ఇంత శాతమని చెబుతారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు 2 కంటే 6.5 పెద్దదిగా కనిపిస్తుంది. ఈ పొరపాటు చదువుకున్నవారి ఇళ్లలోనూ జరుగుతుంది. దీనికి తేలికైన ఉపాయం బ్యాంకు రేటును పన్నెండుతో భాగించి, దాన్ని కూడా మన అలవాటైన రూపాయి-పైసల వడ్డీలో చెప్పుకోవడం.

అలా చూస్తే బ్యాంకు రికరింగ్ డిపాజిట్ మీద వచ్చే 6.5 శాతం నూటికి నెలకు 54 పైసలు. 2025 జూన్ నుంచి స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతా మీద ఇస్తున్న 2.5 శాతం 21 పైసలు. బంగారం మీద బ్యాంకు అప్పు 9.5 శాతానికి దొరికితే అది 79 పైసలు. మన అప్పు మాత్రం 200 పైసలు. 54 పైసలు సంపాదించడానికి 200 పైసల అప్పును అలాగే ఉంచుతున్నామా అన్నదే అసలు ప్రశ్న అని ఇక్కడే తెలిసిపోతుంది. అయినా సమాధానం ఇంత తేలిగ్గా ముగియదు, ఎందుకంటే ఎంత తేడా వస్తుంది, ఎప్పుడు వస్తుంది, చేతిలో ఏమీ లేకుండా పోతే ఏమవుతుంది అన్నవి ఇంకా తేలలేదు.

రెండో పని: ప్రోనోటు షరతులు రాసుకోవడం

లెక్క మొదలుపెట్టే ముందు అప్పిచ్చినవారిని మూడు సంగతులు అడిగి కాగితం మీద పెట్టుకోవాలి. అసలులో కొంత భాగం ఎప్పుడు కట్టినా తీసుకుంటారా, లేక కనీసం ఇంత మొత్తమైతేనే తీసుకుంటారా? కొంత కట్టిన మర్నాటి నుంచే మిగిలిన అసలు మీదే వడ్డీ లెక్కిస్తారా, లేక ఆ నెల పూర్తి వడ్డీ పడుతుందా? వడ్డీ ఒక నెల తప్పితే దాన్ని విడిగా ఉంచుతారా, అసలులో కలుపుతారా?

మూడో ప్రశ్నకు ఎక్కువ విలువ ఉంది. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకునే పద్ధతి ఉంటే, ఏమీ కట్టకుండా మూడేళ్లు గడిస్తే 2,00,000 కాస్తా దాదాపు 3,81,000 అవుతుంది. వడ్డీ కలపకుండా లెక్కిస్తే అదే 3,44,000 దగ్గర ఆగుతుంది. నోటు ఎవరు ఎప్పుడు తిరగరాయించినా, కొత్త నోటులోని అసలు అంకె పాత నోటులోని అసలు అంకేనా అని సంతకానికి ముందు చూసుకోవాలి.

మూడో పని: రెండు దారులనూ రెండేళ్లు నడిపి చూడటం

పోలిక న్యాయంగా ఉండాలంటే రెండు దారుల్లోనూ నెలకు ఖర్చయ్యేది ఒకే 12,000 కావాలి, రెండూ ఒకే రోజున ముగియాలి. ఒక దారిలో అప్పు తీరిన తరువాతి నెలల డబ్బును లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తే పోలిక తప్పుతుంది. ఇక్కడ ఇరవై నాలుగు నెలలు తీసుకుందాం.

పొదుపు దారిలో నెలకు 4,000 వడ్డీ కడుతూ, 8,000 బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో 6.5 శాతానికి వేస్తారు. రెండేళ్లకు వాయిదాల మొత్తం 1,92,000, దాని మీద వడ్డీతో కలిపి చేతికి వచ్చేది దాదాపు 2,05,500. దానితో 2,00,000 అసలు తీర్చేస్తే చేతిలో మిగిలేది 5,500. ఈ రెండేళ్లలో కట్టిన వడ్డీ 96,000. డిపాజిట్ మీద సంపాదించినది 13,500.

తీర్చే దారిలో నెలనెలా 12,000 మొత్తం అప్పుకే వెళుతుంది. మొదటి నెల 4,000 వడ్డీకి, 8,000 అసలుకు పోయి అసలు 1,92,000 అవుతుంది. రెండో నెల వడ్డీ 3,840 మాత్రమే కనుక అసలుకు 8,160 జమ అవుతుంది. ఇలా ప్రతి నెలా వడ్డీ వాటా తగ్గి అసలు వాటా పెరుగుతూ పోతుంది. ఏడాది తిరిగేసరికి అసలు 92,700 దగ్గరకు వస్తుంది. ఇరవై ఒకటో నెలలో 5,700 కడితే నోటు తీరిపోతుంది. మొత్తం కట్టిన వడ్డీ దాదాపు 45,700. ఆ నెలలో మిగిలిన డబ్బూ, తరువాతి మూడు నెలల 12,000 చొప్పునా కలిపి రెండేళ్ల చివర చేతిలో 42,300 ఉంటుంది.

ఒకే సంపాదన, ఒకే ఖర్చు, ఒకే అప్పు. ఒక దారిలో 5,500, మరో దారిలో 42,300. తేడా సుమారు 37,000 రూపాయలు, అంటే ఆ ఇంటికి రెండు నెలల ఖర్చు. ఎందుకు ఇంత తేడా వచ్చిందో ఒక్క నెల మిగులును పట్టుకుంటే కనిపిస్తుంది. 8,000 అసలుకు కడితే ఆపై ప్రతి నెలా 160 వడ్డీ తప్పుతుంది. అదే 8,000 డిపాజిట్‌లో ఉంటే మొదటి నెల వచ్చేది 43 రూపాయలు.

మీ సొంత అంకెలతో చూసుకోవాలంటే ఫోన్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో ఈ రెండు సూత్రాలు చాలు. మొదటిది అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందో చెబుతుంది, రెండోది డిపాజిట్ ఎంత అవుతుందో చెబుతుంది.

```
=NPER(2%,-12000,200000)
=FV((1+6.5%/4)^(1/3)-1,24,-8000,0,1)
```

మొదటి దానికి 20.48 వస్తుంది. అంటే ఇరవై పూర్తి వాయిదాలు, ఇరవై ఒకటో నెలలో ఒక చిన్న ముక్క. మొదటి సూత్రంలో వడ్డీ నెల రేటుగానే వేయాలి, 24 శాతం వేస్తే జవాబు రాదు. రెండో సూత్రంలో డిపాజిట్ వడ్డీ మూడు నెలలకోసారి కలుస్తుంది కనుక అందులోని రేటు భాగం అంత పొడవుగా ఉంది.

నాలుగో పని: నెలనెలా తీసుకోని అప్పుకు లెక్క మార్చుకోవడం

కాగితం మీది లెక్క ఇక్కడ చాలాసార్లు ఆగిపోతుంది. ముక్కలు ముక్కలుగా ఇస్తే తీసుకునేది లేదని, ఇస్తే ఒక్కసారే ఇమ్మని అనేవారు తక్కువేమీ కాదు. నెలకు 8,000 వారికి తిరిగి వడ్డీకి ఇచ్చుకోవడానికి పనికిరాని చిన్న మొత్తం. అటువంటప్పుడు పొదుపూ తీర్చడమూ రెండూ కలిసిన మూడో దారి ఉంటుంది. నెలనెలా మిగులును పొదుపు ఖాతాలో చేర్చి, ఆరు నెలలకోసారి ఆ మొత్తమంతా అసలు కింద జమ చేయడం.

మన కుటుంబం మొదటి ఆరు నెలల్లో 48,000 కూడబెట్టి కడితే అసలు 1,52,000 అవుతుంది, నెల వడ్డీ 3,040కి దిగుతుంది. మిగులు 8,960కి పెరుగుతుంది. రెండో ఆరు నెలల తరువాత అసలు 98,200, మూడో ఆరు నెలల తరువాత 38,000. ఇరవై రెండో నెలలో నోటు తీరుతుంది. మొత్తం వడ్డీ 57,100. రెండేళ్ల చివర చేతిలో 30,900 ఉంటుంది, పొదుపు ఖాతా ఇచ్చే కొన్ని వందలు దీనికి అదనం.

నెలనెలా కట్టడంతో పోలిస్తే 11,000కు పైగా నష్టమే. కానీ రికరింగ్ డిపాజిట్ వేసి చివర్లో ఒకేసారి కట్టిన దానితో పోలిస్తే 25,000 లాభం. అందుచేత అప్పిచ్చినవారు నెలనెలా తీసుకోవడం లేదని మొత్తం ఆలోచనే మానుకోవడం సరికాదు. మూడు నెలలకోసారి అయినా ఒప్పించగలిగితే ఆ 11,000లో కొంత వెనక్కి వస్తుంది. ఈ కూడబెట్టే డబ్బును పొదుపు ఖాతాలోనే ఉంచాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ 6.7 శాతం ఇస్తుంది కదా అని అందులో వేస్తే అది అయిదేళ్ల ఖాతా, మూడేళ్లు నిండేదాకా మూయనివ్వరు. మూడేళ్ల తరువాత మధ్యలో మూసినా పొదుపు ఖాతా రేటే ఇస్తారు.

చీటీ సంగతి కూడా అడుగుతారు. చీటీలో రాబడి పాట ఎంతకు పోతుందో, మనం ఎప్పుడు పాడుకుంటామో అన్నదాని మీద ఆధారపడుతుంది కనుక స్థిరమైన రేటుగా ఈ పోలికలో పెట్టడం కుదరదు. రిజిస్ట్రేషన్ లేని చీటీని నేనైతే పొదుపు లెక్కలోనే రాయను.

అయిదో పని: చేతిలో ఎంత ఉంచుకోవాలో దాని ఖరీదు కట్టి నిర్ణయించడం

ఆరు నెలల ఇంటి ఖర్చు ముందుగా పక్కన పెట్టి ఆ తరువాతే అప్పు తీర్చమన్న సలహా విరివిగా వినిపిస్తుంది. ఆ సలహా ఏడెనిమిది శాతం ఇంటి రుణం ఉన్నవారికి సరిపోవచ్చు. రెండు రూపాయల వడ్డీ మీద అది ఎంత ఖరీదైనదో చూడాలి.

దీనికి ఒక చిన్న సూత్రం ఉంది. అసలుకు కట్టడం ఒక నెల ఆలస్యం చేస్తే మొత్తం లెక్క ఒక నెల వెనక్కి జరుగుతుంది, అదనంగా ఒక నెల పూర్తి వడ్డీ పడుతుంది. మన కుటుంబానికి ఆ ఖరీదు ఆలస్యమైన ప్రతి నెలకూ 4,000. ఆరు నెలల ఖర్చు అంటే 1,08,000. నెలకు 8,000 చొప్పున అది చేరడానికి పదమూడున్నర నెలలు పడుతుంది. దాని ఖరీదు 54,000 రూపాయల అదనపు వడ్డీ. ఆ డబ్బు ఖాతాలో ఉండి ఇచ్చే వడ్డీ అందులో చాలా చిన్న భాగాన్నే పూడుస్తుంది.

అలాగని చేతిలో ఏమీ ఉంచుకోవద్దని కాదు. ప్రోనోటు కింద కట్టిన డబ్బు మళ్లీ అవసరమైతే తిరిగి రాదు. రొయ్యల ప్లాంటులో సరుకు తగ్గిన నెలల్లో పనిరోజులు తగ్గుతాయి, గోదావరికి వరద వచ్చి లంకల్లోనూ పల్లపు ఊళ్లలోనూ నీళ్లు నిలిస్తే కుట్టుపనీ ఆగుతుంది. అటువంటి నెలలో ఆ నెల వడ్డీకే మూడు రూపాయల చొప్పున కొత్త అప్పు తేవలసి వస్తే రెండు నోట్లు ఒకేసారి నడుస్తాయి. అందుచేత నా అంచనాలో ఈ కుటుంబానికి తగిన నిల్వ 16,000, అంటే దాదాపు నెల ఖర్చు. మొదటి రెండు నెలల మిగులును పొదుపు ఖాతాలో వేసి కదపకుండా ఉంచి, మూడో నెల నుంచి తీర్చడం మొదలుపెట్టాలి. దీని ఖరీదు 8,000, రెండేళ్ల మీద సర్దితే నెలకు 330 రూపాయలు. నేను దీన్ని బీమా ప్రీమియంగా చూస్తాను. ఇంట్లో తాకట్టుకు పనికొచ్చే బంగారం ఉంటే ఒక్క నెల మిగులే నిల్వగా చాలవచ్చు, ఎందుకంటే బ్యాంకులో బంగారం మీద అప్పు ఆ రోజే చేతికి వస్తుంది. ఒక్కరి సంపాదన మీదే నడిచే ఇల్లయినా, మందుల ఖర్చు నిత్యం ఉన్న ఇల్లయినా 16,000 చాలదు, రెట్టింపు ఉంచుకోవాలి.

ఆరో పని: అప్పునే మార్చగలమా అని చూడటం

తీర్చాలా, దాచాలా అన్న వాదనలో మునిగి చాలామంది వదిలేసే మూడో ప్రశ్న ఇది. ఇంట్లో నాలుగు కాసుల బంగారం బీరువాలో ఉంది, రెండు రూపాయల వడ్డీ బయట నడుస్తోంది. ఇలాంటి ఇళ్లు డెల్టాలో కొల్లలు. బంగారం బ్యాంకులో పెడితే ఊళ్లో తెలిసిపోతుందన్న మొహమాటం ఒక కారణం, అప్పటికే ఉన్న నోటును కదపడం ఎందుకన్న ఉదాసీనత మరొకటి.

అదే 2,00,000 బ్యాంకులో 9.5 శాతానికి బంగారం మీద తీసుకుని ప్రోనోటు ఒక్కసారే తీర్చేసి, ఆపై అదే 12,000 నెలనెలా బ్యాంకుకు కడితే పద్దెనిమిది నెలల్లో అప్పు తీరుతుంది. మొత్తం వడ్డీ 15,000 పైచిలుకు. నెలనెలా ప్రోనోటు తీర్చిన దారిలో అది 45,700. ఇక్కడ ముప్పై వేలు మిగులుతుంది, పైగా బ్యాంకు నెలనెలా కట్టనిస్తుంది కనుక నాలుగో పనిలోని ఇబ్బందీ తొలగుతుంది. మదింపు రుసుము, ప్రాసెసింగ్ ఖర్చులు ముందే అడిగి కలుపుకోవాలి గానీ, అవి ఈ తేడాను మింగేంత ఉండవు. బ్యాంకు కాని కొన్ని బంగారు రుణ కంపెనీల రేటు మాత్రం వాయిదా తప్పితే బాగా పెరుగుతుంది. రేటు పట్టికలో అతి తక్కువ అంకెను కాక, ఆలస్యమైతే పడే అంకెను చూడాలి.

ఈ మార్పులో ఒకే ఒక్క ప్రమాదం ఉంది, అది చిన్నది కాదు. ఇటువంటి అప్పుకు సాధారణంగా ఏడాది గడువు పెడతారు. నెలకు 12,000 కట్టినా ఏడాది చివర ఇంకా 69,000 దాకా మిగిలి ఉంటుంది, దాన్ని తిరగరాయించుకోవాలి. వడ్డీ తగ్గింది కదా అని నెలకు 12,000 కట్టడం మానేసి వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోతే బంగారం ఏళ్ల తరబడి బ్యాంకులోనే ఉంటుంది, గడువు దాటితే వేలం నోటీసు వస్తుంది. పాత నోటుకు కట్టిన మొత్తమే కొత్త అప్పుకూ కట్టగలనన్న నిశ్చయం లేనివారు ఈ దారి పట్టకపోవడమే మంచిది.

ఏడో పని: కట్టిన ప్రతిసారీ రుజువు తీసుకోవడం

కట్టిన డబ్బు ఎక్కడా రాసి లేకపోతే పై లెక్కలన్నీ వృథా. అసలులో కొంత కట్టినప్పుడల్లా ప్రోనోటు వెనుక చెల్లు రాయించాలి. తేదీ, అంకె, అది అసలు కింద జమ అన్న మాట, మిగిలిన అసలు ఎంత అన్నది నాలుగూ ఉండాలి. అసలు కింద అన్న మాట లేకపోతే కట్టినది ముందు వడ్డీకి జమైందన్న వాదనకు తావుంటుంది. చెల్లు రాసిన వెంటనే నోటు రెండు వైపులా ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి, ఎందుకంటే నోటు వారి దగ్గరే ఉంటుంది.

మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. మనం సంతకం చేసిన చెల్లు ఆ గడువు లోపల పడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. తీర్చే ఉద్దేశం ఉన్నవారికి దీనివల్ల నష్టం లేదు, కానీ కట్టని డబ్బుకు చెల్లు మీద సంతకం అడిగితే ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు అర్థమవుతుంది.

నెలనెలా కట్టే 12,000 అయినా, ఆరు నెలలకోసారి కట్టే 48,000 అయినా బ్యాంకు ఖాతా ద్వారానే పంపాలి. 20,000 లేదా అంతకు మించిన అప్పును నగదుగా తిరిగి చెల్లించడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు, జరిమానా ఆ మొత్తానికి సమానంగా పడవచ్చు. బ్యాంకు బదిలీ కోర్టులో పనికొచ్చే రుజువు కూడా. చివరి వాయిదా రోజున అసలు నోటును వెనక్కి తీసుకున్న తరువాతే, లేదా తీసుకుంటూనే డబ్బు పంపాలి. నోటు ఎక్కడో ఉంది, తరువాత ఇస్తామంటే పూర్తిగా చెల్లైందని సంతకంతో రసీదు రాయించుకోవాలి.

లెక్క తిరగబడే చోటు

అప్పు రేటు పొదుపు రేటు కంటే తక్కువైతే ఈ సలహా అంతా తలకిందులవుతుంది. డెల్టా రైతు ఇళ్లలో దానికి చక్కని ఉదాహరణ కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం. 3 లక్షల వరకు దాని రేటు 7 శాతం, గడువులోగా కడితే రాయితీతో 4 శాతానికి, అంటే 33 పైసలకు దిగుతుంది. దాన్ని ముందుగా తీర్చడంలో లాభం లేదు. సార్వా ధాన్యం డబ్బు వచ్చిన వెంటనే దాన్ని పంట రుణానికి కట్టి, రెండు రూపాయల నోటును అలాగే ఉంచే రైతు వరుసను తిప్పి చేస్తున్నాడు. ధాన్యం డబ్బు నోటుకు పోవాలి, పంట రుణం గడువు తేదీ మాత్రం క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. ఆ తేదీ ఒక్కరోజు దాటినా గడువులోగా కట్టిన రాయితీ పోతుంది.

ఇంటి రుణం, వాహన రుణం ఉన్నవారు తమ రేటును పైసల్లోకి మార్చి, డిపాజిట్ 54 పైసల పక్కన పెట్టి చూసుకోవాలి. తేడా ఇరవై పైసల లోపు ఉంటే తొందర లేదు, ముందు నిల్వ పెంచుకోవచ్చు. స్థిర రేటు వ్యక్తిగత రుణమైతే ముందుగా కట్టినందుకు పడే రుసుమును, దాని మీది జీఎస్టీని తప్పే వడ్డీలోంచి తీసివేసి చూడాలి. రుణం చివరి నెలల్లో ఉంటే ఆ రుసుమే తప్పే వడ్డీ కంటే ఎక్కువ కావచ్చు.

మన కుటుంబం నోటు తీరిన మరుసటి నెల నుంచి ఆ 12,000ను పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయవచ్చు. అప్పటికి వెంటనే తీర్చవలసిన అప్పు లేదు కనుక మూడేళ్ల నిబంధన అడ్డం కాదు.